ప్లాంటు, ఆఫీసు విడగొట్టేటప్పుడు: వీల్యాన్ ఎక్కడ ఆగుతుంది, ఫైర్‌వాల్ ఎక్కడ మొదలవ్వాలి

ప్రశ్న: మా ప్లాంటులో పీఎల్‌సీలు, హెచ్‌ఎంఐలు, స్కాడా సర్వర్, ఆఫీసు పీసీలు, ప్రింటర్లు అన్నీ 192.168.1.0/24 లోనే ఉన్నాయి. విడగొట్టమని పైనుంచి చెప్పారు. కోర్ స్విచ్‌లో రెండు వీల్యాన్‌లు చేసి రూటింగ్ ఆన్ చేస్తే చాలని ఐటీ వాళ్లంటున్నారు. ఫైర్‌వాల్ నిజంగా కావాలా? పీఎల్‌సీల ఐపీలు మార్చే వీల్లేదు. లైను వారానికి ఒక్క షిఫ్టే ఆగుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

చాలదండి, ఫైర్‌వాల్ కావాలి. ఐటీ వాళ్లు చెప్పిన పద్ధతిలో చేస్తే బ్రాడ్‌కాస్ట్‌లు విడిపోతాయి, అంతవరకు లాభమే. కానీ కోర్ స్విచ్‌లో రెండు వీల్యాన్‌లకూ ఐపీ ఇచ్చి రూటింగ్ ఆన్ చేసిన క్షణం నుంచి ఆ స్విచ్ ఎవరినీ ఏమీ అడగకుండా అటూ ఇటూ ప్యాకెట్లు దాటిస్తుంది. నిన్నటిదాకా నేరుగా పీఎల్‌సీని చేరిన వైరస్ పట్టిన పీసీ రేపు స్విచ్ మీదుగా చేరుతుంది. అంతే తేడా.

స్విచ్‌లోనే యాక్సెస్ లిస్టులు రాద్దాం అనేది తరువాత వచ్చే వాదన. మామూలు స్విచ్ యాక్సెస్ లిస్టుకు ఏ కనెక్షన్ ఎవరు మొదలుపెట్టారో గుర్తుండదు. అందుకని వెళ్లే దారికి ఒక రూలు, తిరిగొచ్చే దారికి ఇంకో రూలు రాయాలి. తిరిగొచ్చే దారి కోసం తెరిచిన రూలే తరవాత కంతగా మారుతుంది. పైగా ఎవరు ఎప్పుడు తట్టారో చెప్పే లాగ్ సరిగా దొరకదు. కాబట్టి నేను చెప్పే మొదటి నియమం: కంట్రోల్ వీల్యాన్‌కు గేట్‌వే ఫైర్‌వాలే అయ్యుండాలి, కోర్ స్విచ్‌కు ఆ వీల్యాన్‌లో ఐపీయే ఉండకూడదు. పని అయ్యాక స్విచ్‌లో ఇది కొట్టి చూడండి:

```
show ip route connected
```

ఇందులో 192.168.1.0 కనిపించిందంటే ఫైర్‌వాల్‌ను పక్కకు నెట్టి పోయే దారి ఇంకా మిగిలే ఉంది.

పీఎల్‌సీలను కదపకండి, ఆఫీసును కదపండి

ఐపీలు మార్చే వీల్లేదన్నది మీ కష్టంలా రాశారు గానీ, నిజానికి మీ పథకం దాని మీదే నిలబడుతుంది. పీఎల్‌సీ ఐపీ మారిస్తే దానితో మాట్లాడే ప్రతి హెచ్‌ఎంఐలో, డ్రైవ్‌లో, స్కాడా డ్రైవర్‌లో, వేరే పీఎల్‌సీ ప్రోగ్రాంలో ఆ ఐపీ మార్చాలి. ఎవరో ఎప్పుడో ప్రోగ్రాంలో నేరుగా రాసి వదిలేసిన ఐపీ ఒకటి కచ్చితంగా ఉంటుంది. ఆఫీసు పీసీలు మాత్రం చాలావరకు డీహెచ్‌సీపీ మీద ఉంటాయి. కేబుల్ పీకి పెడితే కొత్త ఐపీ తీసుకుంటాయి.

కాబట్టి 192.168.1.0/24 ప్లాంటుకే వదిలేయండి. ఆఫీసుకు కొత్తగా వీల్యాన్ 10, ఐపీలు 10.10.10.0/24. ప్లాంటు పోర్టులు తరవాత వీల్యాన్ 20 లోకి వస్తాయి, ఐపీలు పాతవే. రెంటికీ మధ్య డీఎంజెడ్ అని వీల్యాన్ 30, 10.10.30.0/24. ఫైర్‌వాల్‌కు ఈ మూడింటి వైపూ ఒక్కో కాలు ఉంటుంది. వీలైతే కంట్రోల్ కాలిని వేరే ఫిజికల్ పోర్టుకు, వేరే స్విచ్‌కు ఇవ్వండి. ఒకే స్విచ్‌లో రెండు వీల్యాన్‌లూ ఉంటే, ఎవరైనా ఒక పోర్టుకు పొరపాటున నంబరు తప్పు కొట్టినా రెండు లోకాలూ కలిసిపోతాయి.

ఇప్పుడు అందరి గేట్‌వే పాత రౌటర్, అంటే 192.168.1.1 అనుకుందాం. మారే పని రెండు దశల్లో చేయండి. మొదటి దశకు లైను ఆపక్కర్లేదు. ఫైర్‌వాల్‌ను పాత నెట్‌వర్క్‌లోకి 192.168.1.254 ఐపీతో పెట్టండి. ఆఫీసు పీసీలను విడతలవారీగా వీల్యాన్ 10 లోకి మార్చండి. వాటి నుంచి పాత నెట్‌వర్క్‌కు పోయే ట్రాఫిక్‌కు ఫైర్‌వాల్‌లో సోర్స్ నాట్ పెట్టండి. అప్పుడు పీఎల్‌సీకి గానీ స్కాడాకు గానీ ఆ ట్రాఫిక్ పక్కనే ఉన్న 254 నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. వాటిలో గేట్‌వే సరిగా ఉందా, అసలు ఉందా లేదా అన్న గొడవే ఉండదు. ఆఫీసు ఇంటర్‌నెట్ కూడా ఇదే దారిలో పాత రౌటర్ మీదుగా నడుస్తుంది. స్టాటిక్ ఐపీలున్న ప్రింటర్లు, గేటు దగ్గరి పీసీలు, సీసీ కెమెరాల రికార్డర్ లాంటివి ఈ దశలోనే ఒక్కొక్కటిగా బయటపడతాయి.

రెండో దశ మీకు దొరికే ఆ షిఫ్టులో. పాత రౌటర్‌ను ఫైర్‌వాల్ బయటి వైపుకు మార్చి వేరే ఐపీ ఇవ్వండి. ఫైర్‌వాల్ కంట్రోల్ కాలికి 192.168.1.1 ఇవ్వండి. సోర్స్ నాట్ తీసేయండి. ప్లాంటు పరికరాల్లో దేనిలోనూ సెట్టింగ్ మారదు, గేట్‌వే ఐపీ అదే, వెనకున్న డబ్బా మాత్రం మారింది. ఒక చిన్న చిక్కు ఉంది. కొన్ని పాత పరికరాలు 192.168.1.1 కు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌నే చాలాసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఫైర్‌వాల్ నుంచి పింగ్ చేసి, పలకని వాటిని మాత్రం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

రూలు రాసేముందు వినండి

మొదటి దశ మొదలవ్వకముందే ప్లాంటు స్విచ్ నుంచి కోర్‌కు వచ్చే కేబుల్ మీద ఏం పోతోందో పట్టాలి. కోర్ స్విచ్‌లో ఆ పోర్టును మిర్రర్ చేసి, ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ పెట్టి వదిలేయండి.

```
monitor session 1 source interface Gi1/0/1 both
monitor session 1 destination interface Gi1/0/48
```

తరవాత ఎవరు ఎవరితో మాట్లాడారో తీయడానికి:

```
tshark -r uplink.pcap -q -z conv,tcp
```

ఒక రోజు పడితే సరిపోదు. నెలాఖరు రిపోర్టు తీసే రోజు, ప్రొడక్టు మార్చే రోజు, వారాంతపు బ్యాకప్ ఇందులోకి రావాలి. ఇక్కడ దొరికేవాటిలో సగం ఎవరికీ తెలియనివే ఉంటాయి. ఉత్పత్తి విభాగంలో ఒకరి ఎక్సెల్ మ్యాక్రో నేరుగా పీఎల్‌సీ 502 పోర్టు చదువుతుంటుంది. స్కాడా అలారాలు ఆఫీసు మెయిల్ సర్వర్‌కు పోతుంటాయి. లేబుల్ ప్రింటర్ ఆఫీసు ప్రింట్ సర్వర్ మీద ఆధారపడి ఉంటుంది. స్కాడా సర్వర్ లాగిన్ కోసం ఆఫీసు డొమైన్ కంట్రోలర్‌ను అడుగుతుంటుంది. ఈ చివరిది కనబడితే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ప్రతి కనెక్షన్‌కు ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి, అది ఆగితే ఎవరు వచ్చి అరుస్తారో ఆ మనిషి పేరు. పేరు దొరకని కనెక్షన్‌కు రూలు రాయకండి.

రూలు ఎలా ఉండాలి

నేను పట్టుకుని కూర్చునే సూత్రం ఒకటే: ఆఫీసు నుంచి కంట్రోల్‌కు, కంట్రోల్ నుంచి ఆఫీసుకు నేరుగా ఏ కనెక్షనూ ఉండకూడదు. ప్రతిదీ డీఎంజెడ్‌లో ఆగి, అక్కడి సర్వర్‌తో ముగిసి, అక్కడి నుంచి కొత్తగా మొదలవ్వాలి. మీ పరిస్థితికి రూళ్లు దాదాపు ఇలా ఉంటాయి:

```
1 permit 192.168.1.20  10.10.30.10   tcp/1433 log
2 permit 192.168.1.20  10.10.30.5    udp/123
3 permit 10.10.10.0/24 10.10.30.10   tcp/443  log
4 permit 10.10.10.40   10.10.30.20   tcp/3389 log
5 permit 10.10.30.20   192.168.1.50  tcp/3389 log
6 deny   any           any           any      log
```

ఇందులో 192.168.1.20 స్కాడా సర్వర్. డేటాను అదే బయటికి తోస్తుంది, డీఎంజెడ్‌లోని డేటాబేస్ లోపలికి వచ్చి లాక్కోదు. డేటాబేస్ ఉన్న ఆ సర్వర్ ఎవరి చేతికైనా చిక్కినా అక్కడి నుంచి లోపలికి కనెక్షన్ మొదలుపెట్టే రూలు లేదు. ఆఫీసు వాళ్లు రిపోర్టులను డీఎంజెడ్‌లోని వెబ్ పేజీలో, 443 మీద చూసుకుంటారు. ఆ ఎక్సెల్ మ్యాక్రో మనిషిని కూడా ఇక్కడికే మళ్లించండి.

ఆయన ఒప్పుకోరు. "నేను చదవడమే కదా, రాయను కదా" అంటారు. చదవడానికీ రాయడానికీ పోర్టు ఒకటే అన్నది ఇక్కడ అసలు విషయం. మోడ్‌బస్‌లో రిజిస్టర్ చదివే ఫంక్షన్ కోడ్ 3, రాసే కోడ్‌లు 6, 16, అన్నీ 502 మీదే వస్తాయి. పోర్టు మాత్రమే చూసే రూలు వీటిని విడదీయలేదు. సీమెన్స్ ఎస్7 లో టీసీపీ 102 కూడా ఇంతే. అదే పోర్టు మీద స్కాడా చదువుతుంది, అదే పోర్టు మీద ప్రోగ్రాం డౌన్‌లోడ్ అవుతుంది. కాబట్టి ఆఫీసులో ఒక్క పీసీకి 502 తెరిస్తే ఆ పీసీలోకి దూరిన ఎవరికైనా వాల్వు తెరిచే అధికారం ఇచ్చినట్టే. ప్యాకెట్ లోపలికి చూసి ఫంక్షన్ కోడ్ వడపోసే ఫైర్‌వాళ్లు ఉన్నాయి. నేను మాత్రం వాటిని డీఎంజెడ్‌కు బదులుగా కాదు, దానికి అదనంగానే వాడతాను.

నాలుగు, ఐదు రూళ్లు ఇంజనీరింగ్ కోసం. డీఎంజెడ్‌లో 10.10.30.20 జంప్ సర్వర్. మెయింటెనెన్స్ ఇంజనీరు ముందు దాంట్లోకి, దాన్నుంచి కంట్రోల్‌లోని ఇంజనీరింగ్ స్టేషన్ 192.168.1.50 లోకి వెళ్తారు. మెషిన్ సప్లయర్ బయటి నుంచి వీపీఎన్‌లో వస్తే ఆ వీపీఎన్ కూడా డీఎంజెడ్‌లోనే ఆగాలి. ఇంజనీరింగ్ స్టేషన్ కంట్రోల్ వీల్యాన్‌లోనే ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్లు పరికరాలను వెతికేది చాలావరకు బ్రాడ్‌కాస్ట్‌తోనో లేయర్ 2 పద్ధతిలోనో. అది రౌటర్ దాటదు. ఆఫీసులో కూర్చుని వెతికితే జాబితా ఖాళీగా వస్తుంది. అప్పుడు "ఫైర్‌వాల్ వల్ల పని ఆగింది, అంతా తెరవండి" అని ఫోను వస్తుంది.

గమనించారో లేదో, ఈ రూళ్లలో పీఎల్‌సీ ఎక్కడా లేదు. కొన్ని పీఎల్‌సీల్లో గేట్‌వే ఖాళీగా ఉంటే వెతికి నింపాలని చూడకండి. గేట్‌వే లేని పీఎల్‌సీ వేరే సబ్‌నెట్‌కు జవాబే ఇవ్వలేదు, ఇక్కడ అది మనకు మేలే. వాటికి టైం కావాలంటే స్కాడా సర్వర్ నుంచి తీసుకుంటాయి. రెండో రూలుతో స్కాడా సర్వర్ డీఎంజెడ్ నుంచి టైం తెచ్చుకుంటుంది.

పాత ఓపీసీ, అంటే డీకామ్ మీద నడిచేది, మీ దగ్గర ఉంటే దాన్ని ఫైర్‌వాల్ దాటించాలని చూడకండి. అది 135 మీద మొదలై తరవాత ఏదో ఒక పోర్టుకు మారుతుంది. ఇప్పటి విండోస్‌లో ఆ శ్రేణి 49152 నుంచి 65535 వరకు. అదంతా తెరిచే బదులు ఓపీసీ క్లయింట్‌ను కంట్రోల్ వైపే పెట్టి, బయటికి మాత్రం ఓపీసీ యూఏ 4840 లాంటి ఒక్క పోర్టు మీద పంపండి.

పట్టికలో తప్పిపోయినవి ఏమైనా ఉంటాయేమోనన్న భయం సహజం. మొదటి కొన్ని వారాలు ఆరో రూలు పైన "అన్నీ అనుమతి, లాగ్ చెయ్" అని ఒక రూలు పెట్టండి. రోజూ దానికి తగిలినవి చూసి, సరైన వాటికి వేరే రూలు రాయండి. కానీ దానికి గడువు తేదీ ఫైర్‌వాల్‌లోనే పెట్టండి. గడువు లేని తాత్కాలిక రూలు ఆ ఫైర్‌వాల్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

షట్‌డౌన్ రోజు

ఆఫీసు ముందే ఖాళీ అయ్యింది కనుక, ఇప్పుడు పాత వీల్యాన్ 1 లో మిగిలింది ప్లాంటే. ప్లాంటు స్విచ్‌లో పరికరాల పోర్టులను వీల్యాన్ 20 లోకి మార్చడమే పని. లైను నడుస్తుండగా ఇది చేయకూడదు, ఎందుకంటే హెచ్‌ఎంఐ పోర్టు 20 లో, పీఎల్‌సీ పోర్టు ఇంకా 1 లో ఉన్న ఆ కొద్ది సేపు రెండూ ఒకదానికొకటి కనబడవు.

```
interface range Gi1/0/1-12
 switchport mode access
 switchport access vlan 20
 spanning-tree portfast
```

ఆ చివరి లైను పీఎల్‌సీ, హెచ్‌ఎంఐ లాంటి చివరి పరికరాల పోర్టులకే, వేరే స్విచ్‌కు పోయే పోర్టుకు కాదు. అది లేకపోతే పాతకాలం స్పానింగ్ ట్రీలో కేబుల్ పెట్టిన ప్రతిసారీ పోర్టు 30 సెకన్లు మూగగా ఉంటుంది. ప్యానెళ్ల లోపలి చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్‌లకు వీల్యాన్ తెలియదు. వాటి వెనక ఉన్నవన్నీ పై పోర్టు ఏ వీల్యాన్‌లో ఉంటే అందులోకే వస్తాయి. సూపర్‌వైజర్ పీసీ ఎవరైనా ప్యానెల్ స్విచ్‌లో గుచ్చారేమో ముందే తలుపు తెరిచి చూడండి.

ఇప్పుడు అందరినీ తికమక పెట్టే ఒక లోపం చెబుతాను. ఈథర్‌నెట్/ఐపీ పరికరాలున్న ఒక ప్యాకింగ్ లైనులో ఇలా జరిగింది. వీల్యాన్ మార్చారు, అన్నీ పింగ్ అవుతున్నాయి, లైను మొదలైంది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాలుగైదు నిమిషాలకు రిమోట్ ఐఓ అడాప్టర్లు ఒకదాని వెంట ఒకటి కనెక్షన్ టైమవుట్ అని పడిపోయాయి. పింగ్ మాత్రం బాగానే ఉంది. రీసెట్ చేస్తే మళ్లీ కొన్ని నిమిషాలు నడిచి మళ్లీ పడ్డాయి. ఫైర్‌వాల్‌నే అనుమానించారు, కానీ ఆ ట్రాఫిక్ ఫైర్‌వాల్ దాకా రానే రాదు.

కారణం మల్టీకాస్ట్. ఆ ఐఓ డేటా యూడీపీ 2222 మీద మల్టీకాస్ట్‌గా పోతోంది. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఉంటే, ఏ పోర్టుకు ఆ మల్టీకాస్ట్ కావాలో స్విచ్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం తాజాగా ఉండాలంటే ఎవరో ఒకరు అప్పుడప్పుడు "ఇంకా కావాలా" అని అడుగుతుండాలి. పాత నెట్‌వర్క్‌లో ఆ ప్రశ్న అడిగే పని రౌటర్ చేసేది. కొత్త వీల్యాన్‌లో అడిగేవాళ్లు లేరు. ప్రామాణిక టైమర్ల ప్రకారం 260 సెకన్లకు ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది, మల్టీకాస్ట్ ఆగుతుంది. "నాలుగైదు నిమిషాలకు పడుతోంది, పింగ్ మాత్రం వస్తోంది" అన్న మాట వినబడితే ముందు చూడాల్సింది ఇదే. మందు స్విచ్‌లోనే ఉంది:

```
ip igmp snooping querier
ip igmp snooping querier address 192.168.1.2
```

192.168.1.2 ఎవరూ వాడని ఐపీ అయ్యుండాలి. ప్రశ్న అడిగేటప్పుడు స్విచ్ తన పేరుగా దీన్ని వాడుకుంటుంది, దీనికోసం ఆ వీల్యాన్‌లో రూటింగ్ ఐపీ పెట్టక్కర్లేదు. తరవాత `show ip igmp snooping querier` కొట్టి వీల్యాన్ 20 ఎదురుగా ఐపీ కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ప్రొఫినెట్ ఉంటే ఈ బాధ లేదు. కానీ దాని రియల్ టైం ఫ్రేములకు ఐపీయే ఉండదు కాబట్టి అవి వీల్యాన్ దాటవు. కంట్రోలర్, దాని ఐఓ అన్నీ ఒకే వీల్యాన్‌లో ఉండాలి. కంట్రోల్ వైపును కూడా లైనువారీగా విడగొట్టాలన్న ఆలోచన మంచిదే, కానీ ఈ షిఫ్టులో వద్దు.

అలాగే హెచ్‌ఎంఐకీ పీఎల్‌సీకీ మధ్య గానీ, స్కాడాకూ పీఎల్‌సీకీ మధ్య గానీ ఇప్పుడే ఫైర్‌వాల్ పెట్టకండి. ఫైర్‌వాల్ నిశ్శబ్దంగా ఉన్న కనెక్షన్‌ను కొంతసేపటికి మరిచిపోతుంది, చాలావాటిలో ఆ గడువు ఒక గంట. రాత్రంతా ఆగి పొద్దున ఒక్క విలువ పంపే కనెక్షన్ ఉంటే, ఇటువైపు తెరిచే ఉందనుకుని పంపుతుంది, ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది, అటువైపుకు ఏమీ తెలియదు. "పొద్దున మొదటి బ్యాచ్ డేటా రావట్లేదు, సర్వీసు రీస్టార్ట్ చేస్తే వస్తోంది" అన్నది దీని గుర్తు. మీ డిజైన్‌లో ఇది తగిలేది స్కాడా నుంచి డీఎంజెడ్ డేటాబేస్‌కు పోయే దారిలో మాత్రమే. అక్కడ కీప్అలైవ్ ఆన్ చేయండి, లేదా ఆ ఒక్క రూలుకు గడువు పెంచండి. మొత్తం ఫైర్‌వాల్‌కు పెంచకండి.

పని అయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి

షిఫ్టు ముగిసే ముందు, లైను ట్రయల్‌లో నడుస్తుండగా, ఫైర్‌వాల్ నుంచి కంట్రోల్ స్విచ్‌కు పోయే కేబుల్ పీకండి. అరగంట అలాగే వదిలేయండి. లైను నడవాలి, ఆపరేటర్ హెచ్‌ఎంఐలో లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కాగలగాలి, స్కాడా క్లయింట్ రీస్టార్ట్ చేస్తే తెరుచుకోవాలి, లేబుళ్లు ప్రింటవ్వాలి. కేబుల్ పెట్టాక ఆ అరగంట డేటా డీఎంజెడ్ డేటాబేస్‌లోకి వెనక్కి నిండాలి. నిండకపోతే స్కాడాలో స్టోర్ అండ్ ఫార్వర్డ్ ఆన్ కాలేదని.

చాలా ప్లాంట్లు లాగిన్ దగ్గర పడిపోతాయి. పైన పెద్ద అక్షరాలతో రాసుకోమన్నది ఇందుకే. స్కాడా సర్వర్ ఆఫీసు డొమైన్‌లో ఉంటే కేబుల్ పీకగానే కొత్త లాగిన్లు ఆగిపోవచ్చు. అది దాటడానికి డొమైన్ పోర్టులన్నీ ఫైర్‌వాల్‌లో తెరిస్తే, ఆఫీసు డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డు పోయిన రోజు ప్లాంటు కూడా పోతుంది. కంట్రోల్‌కు వేరే డొమైన్ పెట్టుకోవడమో, కొద్ది మెషిన్లే ఉంటే లోకల్ అకౌంట్లకు మారడమో చేయండి. ఈ పని ఒక షిఫ్టులో తెమలదు, మొదటి దశలోనే మొదలుపెట్టండి. లైసెన్స్ సర్వర్ ఆఫీసులో ఉంటే దానిదీ ఇదే కథ.

ఆ అరగంట అయ్యాక, కేబుల్ మళ్లీ పెట్టేముందు, ట్రయల్ ఆపి ఇంకో పరీక్ష చేయండి. ఆఫీసు పీసీ నుంచి 192.168.1 లోని ప్రతి ఐపీని స్కాన్ చేయండి. లైను ఆగి ఉండగా చేయడమే క్షేమం, పాత పీఎల్‌సీల్లో కొన్ని స్కాన్‌కే హ్యాంగ్ అవుతాయి. ఫైర్‌వాల్ కేబుల్ లేదు కనుక ఒక్కటి కూడా పలకకూడదు. ఏదైనా పలికిందంటే ఎక్కడో రెండు నెట్‌వర్క్ కార్డులున్న పీసీ ఒకటి అటూ ఇటూ కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఎక్కువగా అది పాత రిపోర్టింగ్ పీసీయో, స్కాడా సర్వర్‌లో "బ్యాకప్ కోసం" పెట్టిన రెండో కార్డో అయ్యుంటుంది. ఈ స్కాన్‌కు దొరకనిది ఒకటి మిగులుతుంది: మెషిన్ సప్లయర్ ప్యానెల్‌లో సిమ్ కార్డుతో వదిలి వెళ్లిన 4జీ రౌటర్. దానికోసం ప్యానెళ్లు ఒక్కొక్కటీ తెరిచి కళ్లతో వెతకాల్సిందే. దొరికితే సిమ్ తీసేసి, సప్లయర్‌కు డీఎంజెడ్ జంప్ సర్వర్‌లో అకౌంట్ ఇవ్వండి. ఆ అకౌంట్ మామూలుగా డిసేబుల్‌లో ఉండి, ఆయన ఫోను చేసినప్పుడు మాత్రమే మీరు ఎనేబుల్ చేయాలి.